పాత లాప్‌టాప్, మంచి నెట్: క్లౌడ్ గేమింగ్‌కి వెళ్లాలా, కొత్త పీసీ కొనాలా?

మా బాబాయి కొడుకు విజయవాడలో బీటెక్ మూడో సంవత్సరం. వాడి దగ్గరున్నది మా బాబాయి 2015లో కొన్న లాప్‌టాప్, ఐదో జనరేషన్ ఐ3, 8 జీబీ ర్యామ్ (అందులో సగం తర్వాత వేయించిందే), విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు, స్క్రీన్ 1366 బై 768. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ పీకితే ఆగిపోద్ది. కానీ ఇంట్లో ఫైబర్ మాత్రం 100 ఎంబీపీఎస్. సంక్రాంతికి వెళ్లినప్పుడు పట్టుకున్నాడు: "అన్నయ్యా, ఫోర్జా ఆడాలని ఉంది, నాన్నని పీసీకి 60 వేలు అడగనా లేకపోతే ఆ క్లౌడ్ గేమింగ్ ఏదో వచ్చింది కదా దాంతో అయిపోద్దా?"

మూడు రోజులు కూర్చుని అన్నీ చెక్ చేసి తేల్చాం. ఇలాంటి పరిస్థితిలో ఉన్నోళ్లు చాలామందే ఉంటారు కాబట్టి ఏం చూశామో, ఎందుకు అలా తేల్చామో రాస్తున్నా.

ముందు ఒక్క విషయం క్లియర్‌గా ఉండాలి. క్లౌడ్ గేమింగ్ అంటే గేమ్ ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న మెషీన్ మీద నడుస్తది, మీకు వచ్చేది వీడియో మాత్రమే, మీ నుంచి వెళ్లేది బటన్ నొక్కుళ్లు. మరి యూట్యూబ్ 4కే ఆగకుండా వస్తోంది కదా ఇదెందుకు రాదు అని అందరూ అడుగుతారు. యూట్యూబ్‌కి పది ఇరవై సెకన్ల వీడియో ముందే దింపి పక్కన పెట్టుకునే వెసులుబాటు ఉంది, అందుకే మధ్యలో నెట్ ఒక సెకను తడబడినా మీకు తెలీదు. ఇక్కడ అది కుదరదు, మీరు బటన్ నొక్కేదాకా తర్వాతి ఫ్రేమ్ అనేదే పుట్టదు కదా. సెకనుకి 60 ఫ్రేములంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒకటి రావాలి, వంద మిల్లీసెకన్లు నెట్ తడబడిందంటే ఆరు ఫ్రేములు గల్లంతు. అందుకే స్పీడ్ టెస్ట్‌లో వచ్చే పెద్ద నంబర్ చూసి మురిసిపోవద్దు. క్లౌడ్ గేమింగ్ సర్వీసుల్లో ఎక్స్‌బాక్స్ క్లౌడ్‌కి 20 ఎంబీపీఎస్ ఉంటే చాలు, జీఫోర్స్ నౌ వాళ్లు 720పీకి 15, 1080పీకి 25 అడుగుతారు. 100 ఎంబీపీఎస్ తీసుకున్నోడికి 300 ప్లాన్‌కి మారినా ఈ విషయంలో పైసా లాభం ఉండదు.

ఇప్పుడు ఆప్షన్లు. ఇండియాలో కూర్చుని పెద్ద పీసీ, కన్సోల్ గేములు క్లౌడ్‌లో ఆడాలంటే పరిగణించాల్సినవి రెండే అని నా లెక్క. ఒకటి ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్, 2025 నవంబర్‌లో ఇండియాకి వచ్చింది, నెలకింత అని కడితే బోలెడు గేములు ఆడనిచ్చే గేమ్ పాస్ సబ్‌స్క్రిప్షన్‌తో పాటే వస్తది. రెండోది ఎన్విడియా వాళ్ల జీఫోర్స్ నౌ. దీన్ని ఇండియాకి తెస్తున్నామని 2025 జనవరిలోనే ప్రకటించి మొదట ఆ ఏడాది ప్రథమార్ధం అన్నారు, తర్వాత నవంబర్ అన్నారు, అలా జరుపుకుంటూ వచ్చారు. కాబట్టి దీనికి డబ్బులు కట్టే ముందు యాప్ సెట్టింగ్స్‌లో సర్వర్ లొకేషన్ లిస్ట్ తెరిచి ఇండియా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మీకు ఆ ఆప్షన్ లేనట్టే అనుకోండి. అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఈ గొడవ లేదు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే రెండూ పనిచేస్తాయి. ప్లేస్టేషన్ ప్లస్ ఇండియాలో ఉంది కానీ ఇక్కడి టాప్ ప్లాన్ డీలక్స్, దాంట్లో క్లౌడ్ స్ట్రీమింగ్ ఉండదు, కొంతమంది అది ఉందనుకుని కడుతున్నారు.

బయట దేశాల క్లౌడ్ పీసీ సర్వీసులు కూడా కనిపిస్తాయి. ఒకప్పుడు నేనూ అలాంటిదొకటి నెలకి కట్టాను, పేరెందుకులే. దగ్గరి సర్వర్ యూరప్‌లో, పింగ్, అంటే సిగ్నల్ సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే టైమ్, 150 మిల్లీసెకన్ల పైన. కారు మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పితే అది ఆలోచించి ఆలోచించి తిరిగేది, అప్పటికే గోడకి గుద్దేసి ఉండేవాణ్ణి. డబ్బులు వెనక్కి రాలేదు. దీనికి ప్లాన్ మార్చినా, వీపీఎన్ పెట్టినా మందు లేదు, ఎందుకంటే ఫైబర్‌లో వెలుగు వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికే దాదాపు 10 మిల్లీసెకన్లు తింటది, కేబుల్ తిన్నగా ఎప్పుడూ వెళ్లదు, మధ్యలో రూటర్లు అదనం. వీపీఎన్ ఆ దారిని ఇంకాస్త పొడిగిస్తుంది అంతే.

సరే, మా వాడి ఇంటికొద్దాం. మొదటి రోజు ఒక నెలకి గేమ్ పాస్ కట్టి xbox.com/play తెరిచి ఫోర్జా హొరైజన్ 5 పెట్టాడు. రెండు నిమిషాలు అద్భుతం, తర్వాత బొమ్మ మొత్తం బూజు పట్టినట్టు గళ్లుగళ్లుగా అయిపోయి, సౌండ్ తెగి, మళ్లీ మామూలైంది. మళ్లీ నిమిషానికి అదే. "సర్వర్ చెత్తరా ఇది" అని తేల్చేశాడు వాడు. స్పీడ్ టెస్ట్ పెడితే 96 ఎంబీపీఎస్. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు కూడా అదే స్పీడ్ టెస్ట్ పెట్టి చూడమంటారు, చూస్తే బానే ఉంటది, కథ అక్కడితో ఆగిపోద్ది.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే దారిని ముక్కలు చేసి చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి నడపండి. మొదటిది మీ లాప్‌టాప్ నుంచి మీ ఇంటి రూటర్ దాకా, రెండోది ఇంటి బయటికి. రూటర్ అడ్రస్ కొందరికి వేరే ఉంటది, ipconfig కొడితే Default Gateway పక్కన కనిపిస్తది.

```
ping -n 200 192.168.1.1
ping -n 200 1.1.1.1
```

మా వాడి లాప్‌టాప్‌లో మొదటి కమాండ్‌కే దొంగ దొరికాడు. రూటర్ పక్క గదిలో, మధ్యలో ఒక గోడ. వరసగా 2, 3, 2, 3 అని వస్తూ వస్తూ పది పదిహేను లైన్లకోసారి 90, ఇంకోసారి 140, ఒకచోట ఏకంగా `Request timed out.` అని. చివర్లో సగటు మాత్రం 11 అని చూపించింది. ఇక్కడే అందరూ మోసపోతారు, సగటు 11 అంటే సూపర్ కదా అనుకుంటారు, కానీ గేమ్‌ని చంపేది సగటు కాదు, ఆ మధ్యమధ్యలో వచ్చే 140లే. సగటు వదిలేసి మ్యాగ్జిమమ్ చూడండి, మధ్యలో ఎన్నిసార్లు ఎగిరిందో లెక్కపెట్టండి.

కారణం ఏంటంటే ఆ కాలం నాటి చవక లాప్‌టాప్‌ల వైఫై కార్డ్ చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడతది. మీది ఏదో తెలియాలంటే netsh wlan show drivers కొట్టండి, రేడియో టైప్స్ దగ్గర 802.11b, 802.11g, 802.11n మాత్రమే ఉండి 802.11a గానీ 802.11ac గానీ లేకపోతే దాదాపు 2.4కే పరిమితం అన్నమాట. అపార్ట్‌మెంట్‌లో ఆ బ్యాండ్ మీద పక్కింటోళ్ల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ తొక్కిసలాడుకుంటాయి. రూటర్ కొత్తదే, 5 గిగాహెర్ట్జ్ ఉంది, కానీ లాప్‌టాప్‌కే దాన్ని అందుకునే దిక్కు లేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ షాపులో పది మీటర్ల ల్యాన్ కేబుల్ తెచ్చాం, మూడొందల లోపే అయింది, తలుపు కిందనుంచి లాగాం. పిన్ని కాసేపు గొడవ చేసింది, ఊడ్చేటప్పుడు అడ్డమని. మళ్లీ అదే కమాండ్ కొడితే రెండొందల లైన్లూ ఒక మిల్లీసెకను లోపే, ఒక్కటీ ఎగరలేదు. పాత లాప్‌టాప్‌ల ల్యాన్ పోర్ట్ చాలావాటిలో 100 ఎంబీపీఎస్ దాటదు, పర్లేదు, మనకి కావాల్సింది 20 కదా. రెండో కమాండ్ నిలకడగా 9, 10. గేమ్ పెడితే గళ్లు మాయం.

ల్యాన్ లాగడం కుదరని ఇల్లయితే 5 గిగాహెర్ట్జ్ యూఎస్‌బీ వైఫై అడాప్టర్ వేసుకుని రూటర్ ఉన్న గదిలోనే కూర్చోండి, కేబుల్ అంత కాకపోయినా ఆడుకోగలిగేంత ఉంటది.

ఇంకో రెండు టెస్టులు కూడా చేసి తీరాలి. ఒకటి టైమ్. పొద్దున పదకొండుకి టెస్ట్ చేసి బాగుందని సంవత్సరానికి కట్టేయొద్దు, రాత్రి 9 నుంచి 11 మధ్య చేయండి, వీధి మొత్తం ఓటీటీల మీద ఉండే టైమ్ అది. మా వాడికి 9 కాస్తా 13 అయింది, సమస్యేం లేదు. అదే పింగ్ 60, 70కి ఎక్కి దిగుతూ ఉంటే మీ ఆపరేటర్ లైన్ కిక్కిరిసిపోయిందని అర్థం, దాన్ని ఇంట్లో కూర్చుని మీరేం బాగుచేయలేరు, క్లౌడ్ ఆలోచన అక్కడితో మానేయండి. రెండోది, ఇంట్లో ఇంకొకరు పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టినప్పుడు పింగ్ కొట్టడం. వాళ్ల చెల్లి లాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ దిగుతుంటే 10 ఉన్నది 130కి పోయింది. రూటర్ ముందు లైన్‌లో ఆ డౌన్‌లోడ్ ప్యాకెట్లన్నీ నిలబడిపోయి, వీడి గేమ్ ప్యాకెట్లు వెనకాల రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు నిలబడతాయి. రూటర్‌లో క్యూఓఎస్ సెట్టింగ్ ఉంటే గేమ్ ఆడే మెషీన్‌కి ప్రాధాన్యం ఇవ్వొచ్చు, వాళ్ల రూటర్‌లో అది లేదు, అందుకని చెల్లి లాప్‌టాప్‌లో అప్‌డేట్ల డౌన్‌లోడ్ స్పీడ్‌కి 40 ఎంబీపీఎస్ లిమిట్ పెట్టాం. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ కింద ఆ ఆప్షన్ ఉంటది.

నెట్ అయిపోయింది, ఇక లాప్‌టాప్. గేమ్ ఆడే బలం అక్కర్లేదు కానీ వచ్చే వీడియోని విప్పే బలం కావాలి. ప్రాసెసర్‌లో ఆ పనికి ప్రత్యేకమైన ముక్క ఒకటి ఉంటది, అది పనిచేస్తే ఐదో జనరేషన్ ఐ3 కూడా హెచ్.264 వీడియోని సునాయాసంగా విప్పుతుంది, పనిచేయకపోతే ప్రాసెసరే మొత్తం మోయాలి, ఫ్యాన్ విమానంలా మోగుద్ది, బొమ్మ నత్తనడక. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో జీపీయూ దగ్గర వీడియో డీకోడ్ గ్రాఫ్ చూడండి. గ్రాఫ్ కదులుతుంటే మంచిది, అది సున్నా మీద పడుకుని సీపీయూ 100 దగ్గర ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేయండి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేయండి. ఎడ్జ్ బ్రౌజర్‌లో క్లారిటీ బూస్ట్ అని ఒకటుంది, బొమ్మని ఇంకాస్త షార్ప్ చేస్తది, కానీ ఆ పని మీ లాప్‌టాప్ చేత చేయిస్తది, పాత మెషీన్‌లో దాన్ని ఆపేయాల్సిందే. మా వాడు అది ఆన్ చేసుకుని "మళ్లీ ఆగుతోంది అన్నయ్యా" అని ఫోన్ చేశాడు, ఆపమన్నా, సెట్ అయింది.

ఇప్పుడు డబ్బుల లెక్క. 2025 అక్టోబర్‌లో రేట్లు మార్చినప్పుడు ఇండియాలో గేమ్ పాస్ ఎసెన్షియల్ నెలకి 499, ప్రీమియం 699, అల్టిమేట్ 1389 అని పెట్టారు. మూడింట్లోనూ క్లౌడ్ ఉంది. ఎసెన్షియల్‌లో 50కి పైగా గేములు, ప్రీమియంలో 200కి పైగా, అల్టిమేట్‌లో 400కి పైగా, కొన్ని కొత్తవి విడుదలైన రోజే రావడం, కొన్నిటికి 1440పీ దాకా క్వాలిటీ. 768 లైన్ల స్క్రీన్ మీద 1440పీకి డబ్బులు కట్టడం అంటే స్కూటీలో విమానం పెట్రోల్ పోయించుకోవడమే, కాబట్టి అల్టిమేట్ వీడికి వేస్ట్. ప్రీమియం ఏడాదికి 8,388. పీసీకి అడగాలనుకున్న 60 వేలతో పోలిస్తే దాదాపు ఏడేళ్ల సబ్‌స్క్రిప్షన్, పైగా ఈమధ్య ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి కాబట్టి పీసీ కొనడానికి ఇది మంచి టైమ్ కూడా కాదు. దీనికి తోడు ఒక కంట్రోలర్ రెండు వేల దాకా, ఎక్స్‌బాక్స్ క్లౌడ్‌లో కొన్ని గేములే కీబోర్డ్ మౌస్ తీసుకుంటాయి, మిగతా వాటికి కంట్రోలర్ లేకుండా కుదరదు. వైర్ ఉన్నదే తీసుకోండి, చవక బ్లూటూత్‌వి వాటి ఆలస్యాన్ని అవి కలుపుతాయి.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. పీసీ నాలుగేళ్ల తర్వాత అమ్మితే ఎంతో కొంత వస్తది, ప్రాజెక్టులకి కూడా పనికొస్తది, సబ్‌స్క్రిప్షన్ ఆపిన రోజు మీ చేతిలో ఏమీ ఉండదు. గేములు కూడా లిస్ట్‌లోంచి పోతుంటాయి. ఫోర్జా హొరైజన్ 4నే తీసుకోండి, 2024 డిసెంబర్ 15న గేమ్ పాస్ నుంచీ, స్టోర్ నుంచీ కూడా తీసేశారు. గూగుల్ స్టేడియా అయితే 2019లో వచ్చి 2023 జనవరిలో మొత్తం దుకాణమే కట్టేసింది, జనం కొన్న గేముల డబ్బులు వెనక్కిచ్చారు, అది వాళ్ల మంచితనం.

జీఫోర్స్ నౌకీ గేమ్ పాస్‌కీ అసలు తేడా ఇక్కడే. అది గేములివ్వదు, మెషీన్ మాత్రమే అద్దెకిస్తది. గేములు మీవి, స్టీమ్‌లోనో ఎపిక్‌లోనో కొన్నవి. రేపు పీసీ కొన్నా అవే గేములు, అవే సేవ్‌లు దాంట్లోకి వచ్చేస్తాయి. స్టీమ్ సేల్స్‌లో కొని పెట్టుకున్న లైబ్రరీ ఉన్నోడికి, కీబోర్డ్ మౌస్ అలవాటున్నోడికి అదే సరైనది, ఇండియా సర్వర్ కనిపిస్తే. ఫ్రీ ప్లాన్‌లో క్యూలో నిలబడాలి, గంటకి సెషన్ అయిపోద్ది, అయినా మీ నెట్ ఎలా ఉందో ఉచితంగా పరీక్షించుకోడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. డబ్బు కట్టే ప్లాన్లలోనూ నెలకి 100 గంటల పరిమితి ఉంది, రోజుకి మూడు గంటలు దాటి ఆడేవాళ్లకి అది తగులుతుంది. ఇంకోటి, మీ స్టీమ్‌లో ఉన్న ప్రతి గేమూ అందులో ఉండదు, పబ్లిషర్ ఒప్పుకుంటేనే ఉంటది, అందుకని గేమ్ కొనే ముందు వాళ్ల యాప్‌లో ఆ పేరు సెర్చ్ చేసుకోండి. వాలరెంట్ ఆడేవాళ్లు ఆశ వదులుకోవాలి, దాని యాంటీ చీట్ మెషీన్ లోతుల్లోకి వెళ్లి కూర్చునే రకం, అక్కడ దొరకదు.

గేమ్ రకం బట్టి కూడా తీర్పు మారుద్ది. కథ ఉన్న గేములు, టర్న్ బేస్డ్, ఓపెన్ వరల్డ్ తిరుగుళ్లు, ఇవి క్లౌడ్‌లో హాయి. రేసింగ్ మొదటి అరగంట కొంచెం తేడా కొడుతుంది, తర్వాత చెయ్యి అలవాటు పడి బ్రేక్ కాస్త ముందే వేయడం మొదలెడతారు. ఆన్‌లైన్‌లో మనుషులతో కాల్చుకునే షూటర్లు, ఫైటింగ్ గేములు మాత్రం సీరియస్‌గా ఆడేవాడికి వద్దు, అవతలివాడు ఇంట్లో పీసీ మీద ఆడుతుంటే మీరు ఎప్పుడూ మూడు నాలుగు ఫ్రేములు వెనకే ఉంటారు. బొమ్మ విషయంలో కూడా కొంచెం రాజీ పడాలి, గడ్డి, వాన, చీకటి సీన్లలో వీడియో కుదింపు తెలుస్తది. 200 కిలోమీటర్ల స్పీడ్‌లో ఫోర్జాలో రోడ్డు పక్క గడ్డి పచ్చ సున్నం పూసినట్టు ఉంటది. చిన్న స్క్రీన్ మీద అంతగా పట్టదు, 27 అంగుళాల మానిటర్ మీద పడుతుంది.

డేటా గురించి కంగారు అక్కర్లేదు కానీ లెక్క తెలిసుండాలి. 20 ఎంబీపీఎస్ అంటే గంటకి 9 జీబీ, రోజుకి రెండు గంటలు ఆడితే నెలకి 540 జీబీ. ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి 3,300 జీబీ లిమిట్ ఉంటది కాబట్టి ఇంట్లో అందరూ ఓటీటీ చూసినా సరిపోద్ది. మొబైల్ హాట్‌స్పాట్ మీద రోజుకి 2 జీబీ ప్యాక్‌తో మొదలెడితే పావుగంట కూడా రాదు.

కాబట్టి నా సలహా: ల్యాన్ మీద రాత్రి 9కి పింగ్ నిలకడగా ఉండి, మీరు ఆడేది కథల గేములో రేసింగో అయితే, ఒక నెల గేమ్ పాస్ కట్టి చూడండి, ఏడాదికి ఒక్కసారే కట్టొద్దు. మీ స్నేహితులంతా వాలరెంట్ లాంటివే ఆడుతుంటే, లేదా మాడ్స్ వేసుకోవడం, వీడియో ఎడిటింగ్, కోర్సు కోసం భారీ సాఫ్ట్‌వేర్ లాంటి అవసరాలుంటే డబ్బు దాచుకుని పీసీయే కొనండి, క్లౌడ్ వాటిలో వేటికీ జవాబు కాదు. స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి చిన్న గేములతో సరిపెట్టుకునేవాళ్లకి రెండూ అక్కర్లేదు, ఆ ఐ3 లాప్‌టాప్‌లోనే ఆడుతుంది.

మా వాడు ప్రీమియం తీసుకున్నాడు, పీసీ విషయం నాలుగో సంవత్సరం దాకా వాయిదా. వాలరెంట్‌కి మాత్రం ఆదివారాలు స్నేహితులతో నెట్ సెంటర్‌కే పోతున్నాడు. మొన్న ఫోన్ చేసి కరెంట్ పోతే గేమ్ మధ్యలో పోతోందన్నాడు, రూటర్‌కి 12 వోల్ట్‌ల మినీ యూపీఎస్ కొనమన్నా. "మరి లాప్‌టాప్‌కి బ్యాటరీ లేదు కదా అన్నయ్యా" అన్నాడు. అవును, అది మర్చిపోయా, ముందు ఆ బ్యాటరీ మార్పించాలి.